ప్రసూతి సెలవు ముగిసే ముందు రాయాల్సిన ఒక మెయిల్

ఆరు నెలల తర్వాత ఆఫీసుకు వచ్చిన తల్లికి మొదటిరోజు చాలాచోట్ల అసలు పనే ఉండదు. గేటు దగ్గర ఐడీ కార్డు పనిచేయదు. లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. ఐటీ విభాగానికి ఫిర్యాదు పెడదామంటే ఆ ఫిర్యాదు పెట్టడానికీ లాగిన్ కావాలి. మధ్యాహ్నానికి ఎలాగో మెయిల్ తెరుచుకుంటే అందులో వేల ఉత్తరాలు. సాయంత్రం నాలుగింటికి మేనేజర్ వచ్చి, ‘వచ్చేశావుగా, రేపటి నుంచి ఫలానా రిలీజ్ నువ్వే చూసుకో’ అంటారు. లేదంటే, ‘పాపతో నీకు కష్టం కదా, కొన్నాళ్లు తేలిక పనులే చూడు’ అంటారు.

మొదటి మాట వల్ల ఆమె రెండు వారాల్లో అలసిపోతుంది. రెండో మాట వల్ల రెండేళ్లలో వెనకబడుతుంది. ఈ రెండూ జరగకుండా చూడటానికి సెలవు ముగియడానికి నాలుగైదు వారాల ముందు పంపే ఒక మెయిల్, దాంతోపాటు వారాల వారీ ప్రణాళిక చాలా ఉపయోగపడతాయి. మెయిల్ ఒక పేజీ దాటనవసరం లేదు. కానీ అందులో ఏది హక్కుగా రాయాలి, ఏది విన్నపంగా రాయాలి అన్న తేడా తెలిసి ఉండాలి.

హక్కు ఎంతవరకు, విన్నపం ఎక్కడి నుంచి

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఇందులో ఎనిమిది వారాలకు మించకుండా కాన్పుకు ముందు వాడుకోవచ్చు. ఈ నిబంధనలే ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తిరిగి వచ్చాక వర్తించే భాగమే తక్కువమందికి తెలుసు.

బిడ్డకు 15 నెలలు నిండేవరకు తల్లికి మామూలు విరామాలు కాక రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇవ్వాలి. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ సదుపాయం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ప్రసూతి సెలవులో ఉండగా ఆమెను ఉద్యోగం నుంచి తీసేయడం గానీ, ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చడం గానీ చెల్లదు. ఇవన్నీ హక్కులు. మెయిల్‌లో వీటిని ‘దయచేసి అనుమతించగలరు’ అని అడగనక్కర్లేదు. ‘ఈ వేళల్లో విరామం తీసుకుంటాను’ అని తెలియజేస్తే చాలు.

వర్క్ ఫ్రమ్ హోమ్ సంగతి వేరు. పని స్వభావం అందుకు వీలైనదైతే, ఇద్దరూ ఒప్పుకున్న షరతులపై యజమాని దాన్ని ఇవ్వవచ్చని మాత్రమే చట్టం చెబుతోంది. పని గంటలు తగ్గించుకునే హక్కు ప్రైవేటు ఉద్యోగికి ఈ చట్టంలో లేదు. కాబట్టి ఇవి విన్నపాలు. విన్నపానికి కారణం, గడువు, ప్రత్యామ్నాయం మూడూ రాస్తే ఒప్పుకోవడం మేనేజర్‌కు తేలికవుతుంది. ‘కొన్నాళ్లు ఇంటి నుంచి చేస్తాను’ అంటే హెచ్‌ఆర్ జంకుతుంది. ‘ఆగస్టు 28 వరకు, శుక్రవారాలు’ అంటే సంతకం పెట్టడం సులువు.

ఇంకో నిబంధన ఉంది. ప్రసూతి సెలవులో ఉన్న కాలంలో పని చేస్తే, చేసిన ఆ కాలానికి ప్రసూతి ప్రయోజనాన్ని కోల్పోతారు. ‘ఊరికే ఒక్క కాల్‌లో కూర్చో’, ‘ఆ ఫైలు ఒకసారి చూసి చెప్పు’ అని సెలవు చివరి నెలలో వచ్చే మాటలు స్నేహంగానే రావచ్చు. అయినా వాటికి తలూపడం ఇద్దరికీ చిక్కే. తిరిగి రావడం గురించి మాట్లాడుకోవడం వేరు, ప్రాజెక్టు పని చేయడం వేరు. బ్రిటన్‌లో ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగి ఇష్టపడితే పది రోజుల వరకు ఆఫీసు పనిలో పాల్గొనే ఏర్పాటు చట్టంలోనే ఉంది. మన దగ్గర అలాంటిది లేదు.

ఒక ఉదాహరణ

గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, అక్కడ ఆరుగురు సభ్యుల టెస్టింగ్ బృందానికి లీడ్‌గా ఉన్న ఉద్యోగిని అనుకుందాం. ఇల్లు నిజాంపేటలో. క్లయింట్ న్యూయార్క్‌లో. 2026 జనవరి 5, సోమవారం సెలవు మొదలైంది. ఫిబ్రవరి 16న పాప పుట్టింది. 26 వారాలంటే 182 రోజులు, సెలవు జులై 5తో ముగుస్తుంది. జులై 6న చేరాలి.

ఈ లెక్క వేసుకుంటే ఒక విషయం బయటపడుతుంది. ఆమె చేరే రోజుకు పాప వయసు 20 వారాలు, అంటే ఇంకా ఐదు నెలలు కూడా నిండలేదు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ గడువు ఆగస్టు 16న గానీ రాదు. అంటే తిరిగి వచ్చిన మొదటి ఆరు వారాలూ పాప ఆహారమంతా తల్లిపాలే. ఆఫీసు ప్రణాళిక దీన్ని లెక్కలోకి తీసుకోకుండా తయారైతే అది కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇంటి వైపూ ఒక క్యాలెండర్ ఉంటుంది. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగి వస్తుంది. వెంట అమ్మమ్మ వస్తుంది. ఆమె ఎన్నాళ్లు ఉంటుందన్నది అసలు ప్రశ్న. అమ్మమ్మ జులై నెలాఖరుకు ఊరెళ్లిపోతే పాప డే కేర్‌కు అలవాటు పడే రోజులు, తల్లి పని పెరిగే రోజులు ఒకేసారి వచ్చి పడతాయి. డే కేర్‌లో చేరిన కొత్తలో పిల్లలకు జలుబు, జ్వరం తరచుగా వస్తుంటాయి. పైగా వానాకాలం. అందుకే ఈ ఉదాహరణలో తల్లి పాపను జూన్ చివరి నుంచే రోజుకు రెండేసి గంటలు డే కేర్‌లో ఉంచడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఆగస్టు నెలాఖరు దాకా ఉంటానంది. ఎనిమిది వారాల గడువు ఎంచుకోవడానికి ఒక కారణం అదే.

మెయిల్‌లో ఏముంది

జూన్ 1న, చేరడానికి ఐదు వారాల ముందు, ఆమె మేనేజర్‌కు మెయిల్ పంపింది. హెచ్‌ఆర్‌కు కాపీ పెట్టింది. ఆఫీసులో ఇలాంటివి ఇంగ్లీషులోనే నడుస్తాయి గానీ, తెలుగులో చెప్పుకుంటే ఆ మెయిల్ ఇలా ఉంటుంది:

‘విషయం: జులై 6 నుంచి తిరిగి విధుల్లోకి, మొదటి 8 వారాల ప్రణాళిక

మేడమ్, నమస్తే. నా ప్రసూతి సెలవు జులై 5తో ముగుస్తుంది. జులై 6, 7, 8 తేదీలకు ఆర్జిత సెలవు కోరుతున్నాను. 9, గురువారం ఆఫీసుకు వస్తాను. తర్వాతి మూడు బుధవారాలు, అంటే జులై 15, 22, 29 తేదీలకూ ఆర్జిత సెలవు కోరుతున్నాను. మొత్తం ఆరు రోజులు.

పని వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6. పాలిచ్చే తల్లులకు చట్టం ఇచ్చిన రెండు విరామాలను 11:30కు, 3:30కు తీసుకుంటాను. ఆ వేళలను క్యాలెండర్‌లో గుర్తు పెడతాను. లోపల గడియ, ప్లగ్ పాయింట్ ఉన్న గది, దగ్గరలో ఒక ఫ్రిజ్ ఏర్పాటు చేయమని హెచ్‌ఆర్‌ను కోరుతున్నాను.

ఆగస్టు 28 వరకు శుక్రవారాలు, ఆగస్టు 3 నుంచి బుధవారాలు కూడా ఇంటి నుంచి పనిచేయడానికి అనుమతి కోరుతున్నాను. సాయంత్రం 6 గంటల క్లయింట్ కాల్స్ ఆ రెండు రోజుల్లో నేను తీసుకోగలను. ఇది కుదరకపోతే ఏ రోజులు వీలవుతాయో చెప్పగలరు.

బాధ్యతలను నాలుగు దశల్లో తిరిగి తీసుకునే ప్రణాళిక జత చేశాను. ఆగస్టు 28 నాటికి లీడ్ బాధ్యత పూర్తిగా నా దగ్గరకు వస్తుంది. దీనిపై మాట్లాడటానికి ఈ నెల 15లోపు అరగంట సమయం ఇవ్వగలరు. ఐడీ కార్డు, లాప్‌టాప్, లాగిన్లు జులై 3 నాటికి తిరిగి పనిచేసేలా చూడమని ఐటీ విభాగానికి చెప్పగలరు.’

ఇందులో లేనివి కూడా గమనించాలి. ‘ఇన్నాళ్లు ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి’ లేదు. ఆపరేషన్ వివరాలు, నిద్రలేని రాత్రులు లేవు. ‘ఎలాగోలా సర్దుకుంటాను’ అన్న మాట లేదు. ఈ చివరి మాట అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. అది రాశాక మిగతా విన్నపాలన్నీ వదులుకోదగినవిగానే కనిపిస్తాయి.

సోమవారం కాక గురువారం రావడంలోనూ లెక్క ఉంది. మొదటి వారం రెండు రోజుల్లో ముగుస్తుంది. లాగిన్లు, పలకరింపులు, డే కేర్‌లో మొదటి పూర్తిరోజు అన్నీ ఆ రెండు రోజుల్లో తేలిపోతాయి. బుధవారం సెలవు ఎందుకంటే వరసగా రెండు రోజులకు మించి పని, ప్రయాణం పడవు. పాత సెలవులనే ఇలా విడివిడిగా వాడటంతో జీతం తగ్గదు. ఆర్జిత సెలవును మొత్తంగా ప్రసూతి సెలవుకు చివర కలిపి నెలాఖరు దాకా ఇంట్లో ఉండొచ్చు. అలా చేస్తే తిరిగి వచ్చాక వాడుకోవడానికి ఒక్క రోజూ మిగలదు. పాపకు జ్వరం వచ్చిన రోజే ఆ సంగతి తెలిసొస్తుంది.

తగ్గాల్సింది బాధ్యత

క్రమంగా పనిలోకి రావడమంటే చాలామంది గంటలు తగ్గించుకోవడమే అనుకుంటారు. గంటలు తగ్గి బాధ్యత అలాగే ఉంటే మిగిలిన పని రాత్రి పది తర్వాత, పాప పడుకున్నాక జరుగుతుంది. జీతం తగ్గించుకుని పాత పనంతా చేసినవాళ్లు ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు. కాబట్టి ప్రణాళికలో ప్రతి దశకూ ‘ఏం చేస్తాను’ అన్నదాని పక్కన ‘ఏం చేయను’ అన్న వరుస కూడా ఉండాలి.

మన టెస్టింగ్ లీడ్ ప్రణాళిక ఇలా నడిచింది. మొదటి దశ, జులై 9 నుంచి 17 దాకా. ఏ పనీ ఆమె పేరు మీద ఉండదు. గత ఆరు నెలల రిలీజ్ నోట్స్ చదవడం, బృందంలో ఒక్కొక్కరితో అరగంట మాట్లాడటం, ఆగిపోయిన ఆటోమేషన్ స్క్రిప్టులను తన యంత్రంలో మళ్లీ నడిపి చూడటం. దశ ముగిసేసరికి ‘నేను లేనప్పుడు ఏమేం మారాయి’ అన్న రెండు పేజీల పత్రం రాయాలి. ఇది ఆమెకు పాఠంలా, మేనేజర్‌కు రుజువులా పనికొస్తుంది. పేరుకుపోయిన వేల మెయిళ్లు చదవడం మాత్రం ఈ ప్రణాళికలో లేదు. వాటిలో అవసరమైనవేవో తాత్కాలిక లీడ్ ఒక చిన్న జాబితాగా ఇవ్వాలి.

రెండో దశ జులై 20 నుంచి 31. ఒక మాడ్యూల్ రిగ్రెషన్ టెస్టింగ్ పూర్తిగా ఆమెది. రోజూ ఉదయం జరిగే స్టాండప్‌లో ఉంటుంది. క్లయింట్ కాల్స్, అత్యవసర ఫిర్యాదులు ఆమెకు రావు. మూడో దశ ఆగస్టు 3 నుంచి 14. ముగ్గురు సభ్యుల పనిని ఆమె చూస్తుంది. క్లయింట్ కాల్స్‌లో తాత్కాలిక లీడ్ మాట్లాడతాడు, ఆమె పక్కన ఉంటుంది. నాలుగో దశ ఆగస్టు 17 నుంచి 28. పాత్రలు తారుమారవుతాయి. ఆమె మాట్లాడుతుంది, అతను పక్కన ఉంటాడు. వారాంతపు ఆన్‌కాల్ డ్యూటీ మాత్రం సెప్టెంబరు దాకా ఉండదు.

ఈ తాత్కాలిక లీడ్ గురించి ప్రణాళికల్లో సాధారణంగా ఒక్క వాక్యమూ ఉండదు. ఆరు నెలలు బృందాన్ని నడిపిన మనిషి ఒక శుక్రవారం సాయంత్రం మళ్లీ సభ్యుడైపోతాడు. అతనికి ఆ తర్వాత ఏముందో మేనేజర్ ముందే చెప్పకపోతే అప్పగింత నత్తనడక నడుస్తుంది. డాష్‌బోర్డు అనుమతులు రావు, క్లయింట్ మెయిళ్లలో ఆమె పేరు చేరదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. ఈ ఉదాహరణలో అతనికి సెప్టెంబరు నుంచి ఇంకో మాడ్యూల్ బాధ్యత ఇస్తామని మేనేజర్ జూన్‌లోనే చెప్పింది.

పాలు, ఫ్రిజ్, న్యూయార్క్ గడియారం

పాలిచ్చే తల్లి తొమ్మిది గంటలు బిడ్డకు దూరంగా ఉంటే మధ్యలో పాలు పిండి తీయాల్సిందే. మూడు గంటలకోసారి అన్నది ఇంచుమించు లెక్క. మీటింగుల వల్ల ఇది తప్పిపోతుంటే మొదట రొమ్ములు బరువెక్కి గట్టిపడతాయి. ఎర్రబడి, నొప్పి, జ్వరం వస్తే అది వాపు లక్షణం, డాక్టరుకు చూపించాలి. పాల ఉత్పత్తి కూడా తగ్గిపోతుంది. తీసిన పాలు 25 డిగ్రీల లోపు ఉష్ణోగ్రతలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవుంటాయి. ఏసీ ఆగితే ఆఫీసు గది 25 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఫ్రిజ్ కావాలని మెయిల్‌లో అడగడం విలాసం కాదు. టాయిలెట్‌లో పాలు తీసుకోమని సూచించే ఆఫీసుల్లో ఎవరూ టాయిలెట్‌లో కూర్చుని భోజనం చేయరు. అమెరికాలో 2022 చివర వచ్చిన చట్టం, పాలు తీసుకునే చోటు బాత్‌రూమ్ కాకూడదని స్పష్టంగా రాసింది. అక్కడి తెలుగు తల్లులకు సెలవు మన దగ్గరకంటే చాలా తక్కువ. కుటుంబ, వైద్య సెలవు చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగినికి ఇంకో చిక్కు గడియారం. న్యూయార్క్‌లో ఉదయం 8:30 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6. నవంబరు 1న అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అదే కాల్ మనకు రాత్రి 7కు మారుతుంది. డే కేర్ మూసే వేళ మాత్రం మారదు. జులైలో బాగా నడిచిన ఏర్పాటు నవంబరు మొదటి సోమవారం ఉన్నట్టుండి విరిగిపోవడానికి కారణం ఇదే. ప్రణాళికలో ఆ తేదీని ముందే రాసుకుని, ఆ కాల్‌ను వారానికి రెండు రోజులకే పరిమితం చేయడమో, క్లయింట్‌ను అరగంట ముందుకు జరపమనడమో అక్టోబరులోనే తేల్చుకోవాలి.

గాడి తప్పుతోందని ఎలా తెలుస్తుంది

రెండు వారాలకోసారి శుక్రవారం పదిహేను నిమిషాలు మేనేజర్‌తో కూర్చోవడం ఈ ప్రణాళికకు ఇరుసు. జులై 17, 31, ఆగస్టు 14, 28. అడిగే ప్రశ్నలు మూడే. ఈ దశలో అనుకున్నది జరిగిందా? అనుకోనిది ఏం వచ్చి పడింది? తర్వాతి దశకు వెళ్దామా, ఇదే దశను ఇంకో వారం పొడిగిద్దామా? పాపకు జ్వరం వచ్చి రెండు వారాల్లో మూడు రోజులకంటే ఎక్కువ పోతే దశను దాటేయకుండా పొడిగించాలన్న నియమం ముందే రాసుకున్నారు. లేకపోతే పోయిన రోజుల పని తర్వాతి దశ పనిమీద వచ్చి పడుతుంది.

ప్రణాళిక రెండు వైపులకు జారుతుంది. రాత్రి పది తర్వాత పంపిన మెయిళ్లు పెరుగుతుంటే, విరామ వేళల్లో మీటింగులు వచ్చి చేరుతుంటే బాధ్యత అనుకున్నదానికంటే వేగంగా మీద పడుతోందని అర్థం. మూడో దశకు వచ్చినా క్లయింట్ కాల్ ఆహ్వానాలు రాకపోతే, నిర్ణయాలు జరిగాక తెలుస్తుంటే అది రెండో రకం జారుడు. ఇది దయ రూపంలో వస్తుంది కాబట్టి ఫిర్యాదు చేయడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఆగస్టు 28 అన్న గడువు రాతలో ఉంటే మొహమాటం అవసరం ఉండదు, తేదీని చూపిస్తే సరిపోతుంది.

వార్షిక పనితీరు మదింపు గురించీ మొదటి సమావేశంలోనే అడిగేయాలి. పనిచేసిన నెలల ఆధారంగా రేటింగ్ ఇస్తారా, సెలవుకు ముందు చేసిన పనిని ఎవరు చెబుతారు, మేనేజర్ మధ్యలో మారి ఉంటే పాత మేనేజర్ అభిప్రాయం తీసుకున్నారా అన్నవి మార్చిలో అడిగితే ఆలస్యమైపోతుంది. రెండు వారాలకు మించి దిగులు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం ఉంటే అది ప్రణాళికతో సరిచేసేది కాదు, డాక్టరును కలవాలి. కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యానికి వైద్య ధ్రువీకరణతో ఇంకో నెలవరకు వేతనంతో సెలవు తీసుకునే వీలు చట్టంలో ఉంది.

అరగంట సమావేశంలో మేనేజర్ ‘సరే’ అన్న ప్రతి మాటనూ ఆ సాయంత్రమే నాలుగు వాక్యాల్లో రాసి తిరిగి పంపాలి. మేనేజర్లు మారతారు, బృందాలు కలిసిపోతాయి. నోటిమాట కొత్త మేనేజర్ దాకా రాదు, మెయిల్ వస్తుంది. మన ఉదాహరణలో ఆగస్టు 28న ఆమె రాసే చివరి మెయిల్‌లోనూ నాలుగు విషయాలే ఉంటాయి. లీడ్ బాధ్యత నేటితో తిరిగి తీసుకున్నాను. ఇంటి నుంచి పని ఏర్పాటు గడువు నేటితో ముగిసింది, సెప్టెంబరు నుంచి అందరికీ ఉన్న నియమమే నాకూ. నవంబరు 1 తర్వాత క్లయింట్ కాల్ వేళపై అక్టోబరు 15లోపు మాట్లాడాలి. రెండు పాలిచ్చే విరామాలు పాపకు 15 నెలలు నిండే 2027 మే 16 వరకు కొనసాగుతాయి.